సిమెంటు, స్టీలు లోడు దిగే ముందు: బ్రాండు ఎంపిక, బ్యాచ్ వివరాలు, ఐఎస్ఐ ముద్ర సరిచూసుకోవడం ఎలా?

ఇల్లు కట్టడం మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఒకటే: ఏ సిమెంటు మంచిది, ఏ స్టీలు మంచిది? పేర్ల జాబితా ఇవ్వమని అడిగేవారికి ఈ వ్యాసం కొంత నిరాశ కలిగించవచ్చు. ఎందుకంటే ఒకే బ్రాండు పేరుతో నాలుగైదు కర్మాగారాల నుంచి సరుకు వస్తుంది, ఒకే కర్మాగారం సరుకు కూడా గోదాములో ఎన్నాళ్లు నిలిచిందన్న దాన్ని బట్టి మారిపోతుంది. మీ సైటు ముందు ఆగిన లారీలో ఉన్న సరుకు మీరు ఎంచుకున్నదేనా, అది తాజాదేనా, బిల్లులో రాసినంత బరువు ఉందా అన్నది తేల్చుకోవడం పేరు ఎంచుకోవడం కంటే పెద్ద పని. ఆ పనిని వరుసగా ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

కావలసినవి

- స్ట్రక్చరల్ ఇంజనీరు ఇచ్చిన డ్రాయింగులు
- బస్తా తూచడానికి వేలాడదీసే డిజిటల్ కాటా
- గ్రాముల్లో చూపించే చిన్న కాటా (వంటింటి కాటా సరిపోతుంది)
- స్టీలు టేపు, వైర్ బ్రష్, పాత గుడ్డ
- ఫోనులో భారతీయ ప్రమాణాల సంస్థ వారి BIS Care యాప్
- ఒక నోటు పుస్తకం

1. ముందు డ్రాయింగులోని నోట్సు చదవండి

డ్రాయింగు అంచున ఉండే నోట్సులో కాంక్రీటు గ్రేడు, స్టీలు గ్రేడు రాసి ఉంటాయి. చాలా ఇళ్ల డ్రాయింగుల్లో స్టీలు ఎఫ్‌ఈ 500 అనో, ఎఫ్‌ఈ 500డి అనో కనిపిస్తుంది. ఇందులో 500 అన్నది కడ్డీ శాశ్వతంగా సాగిపోవడం మొదలయ్యే ఒత్తిడిని తెలిపే అంకె. చివరనున్న డి అక్షరం కడ్డీకి సాగే గుణం ఎక్కువగా ఉండాలని చెబుతుంది. స్టీలు కడ్డీలకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్‌ఈ 500 కడ్డీ తెగేలోపు కనీసం 12 శాతం సాగాలి, ఎఫ్‌ఈ 500డి అయితే కనీసం 16 శాతం సాగాలి. భూకంపం వచ్చినప్పుడు పిల్లరు ఒక్కసారిగా విరగకుండా వంగి నిలబడేందుకు ఈ గుణమే ఆధారం.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఏమిటంటే, 500 కంటే 550 పెద్ద అంకె కాబట్టి అది మెరుగైనదని డీలరు చెబితే నమ్మి, ఇంజనీరును అడగకుండా మార్చేయడం. డి లేని ఎఫ్‌ఈ 550 తీసుకుంటే బలం పెరుగుతుంది గాని సాగే గుణం తగ్గుతుంది. గ్రేడు మార్చాలనుకుంటే ఇంజనీరు చేతే డ్రాయింగులో మార్పించండి.

సిమెంటు విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఓపీసీ అంటే మామూలు పోర్ట్‌ల్యాండ్ సిమెంటు. 53 గ్రేడు ఓపీసీ త్వరగా బలం పుంజుకుంటుంది గాని, క్యూరింగులో అశ్రద్ధ చేస్తే గోడల ప్లాస్టరింగులో పగుళ్లు చూపిస్తుంది. ఫ్లై యాష్ కలిపిన పీపీసీ ఇటుక కట్టుబడికి, ప్లాస్టరింగుకు బాగా నప్పుతుంది, స్లాబుకు కూడా వాడవచ్చు. అయితే పీపీసీ నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి సెంట్రింగ్ విప్పే రోజులను, నీళ్లు పట్టే రోజులను ఇంజనీరుతో మాట్లాడి పెంచుకోవాలి.

2. రెండు మూడు బ్రాండుల దగ్గర ఆగండి

ప్రకటనలను పక్కన పెట్టి డీలరును మూడు ప్రశ్నలు అడగండి. ఈ సరుకు ఏ కర్మాగారం నుంచి వస్తుంది? నాకు వచ్చే బ్యాచ్‌కు కర్మాగారం ఇచ్చిన పరీక్షా పత్రం ఇవ్వగలరా? నాకు కావలసిన 8, 10, 12, 16 ఎం.ఎం. సైజులన్నీ ఒకే బ్రాండులో, ఒకే గ్రేడులో దొరుకుతాయా? మూడో ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, పెద్ద సైజులు పేరున్న బ్రాండువి పంపి, రింగులకు వాడే 8 ఎం.ఎం. మాత్రం ఏదో ఒకటి కలిపేయడం మామూలుగా జరిగే పని. సిమెంటులో అయితే పేరు కంటే కర్మాగారం దగ్గరగా ఉండటం, డీలరు దగ్గర సరుకు త్వరగా అమ్ముడుపోవడం ఎక్కువ మేలు చేస్తాయి.

స్టీలులో ఇనుప ఖనిజం నుంచి తయారు చేసే పెద్ద కర్మాగారాలు కొన్ని, తుక్కును కరిగించి చేసే కర్మాగారాలు కొన్ని. రెండింటికీ ఐఎస్ఐ లైసెన్సు ఉండవచ్చు. తుక్కు నుంచి చేసే చోట గంధకం, భాస్వరం అదుపులో పెట్టడం కష్టం. ఎఫ్‌ఈ 500డి లో ఇవి ఒక్కొక్కటి 0.040 శాతం, రెండూ కలిపి 0.075 శాతం దాటకూడదు. పరీక్షా పత్రంలో ఈ రెండు అంకెలు చూపించలేని సరుకు ఎంత చవకగా వచ్చినా నేనైతే తీసుకోను.

3. షరతులు బిల్లుకు ముందే రాయించుకోండి

ఆర్డరు కాగితం మీద బ్రాండు, గ్రేడు, ఐఎస్ సంఖ్య, సైజుల వారీగా తూకం, సిమెంటు ప్యాకింగ్ జరిగి నాలుగు వారాలకు మించి ఉండకూడదన్న మాట, తేడా వస్తే దింపకుండానే వెనక్కి పంపుతామన్న మాట రాయించండి. స్టీలును తూకం లెక్కన ఇస్తున్నారా, కడ్డీల లెక్కన ఇస్తున్నారా అన్నది కూడా అందులోనే స్పష్టంగా ఉండాలి. దీని వల్ల వచ్చే తేడా ఎంతో 7వ మెట్టులో చూద్దాం.

4. ఐఎస్ఐ ముద్రను మూడు భాగాలుగా చదవండి

ముద్ర ఉందా లేదా అని చూసి వదిలేయడం సరిపోదు. ముద్ర పైన ఐఎస్ సంఖ్య, మధ్యలో ఐఎస్ఐ గుర్తు, కింద సీఎం/ఎల్ తో మొదలయ్యే లైసెన్సు సంఖ్య, ఈ మూడూ ఉండాలి. ఓపీసీ బస్తా మీద ఐఎస్ 269, ఫ్లై యాష్ ఆధారిత పీపీసీ మీద ఐఎస్ 1489 పార్ట్ 1, స్లాగ్ సిమెంటు మీద ఐఎస్ 455, స్టీలు ట్యాగు మీద ఐఎస్ 1786 కనిపించాలి. 43, 53 గ్రేడులకు పూర్వం వేర్వేరు సంఖ్యలు ఉండేవి, 2015 సవరణతో అవన్నీ ఐఎస్ 269 కిందికే వచ్చాయి.

ఇప్పుడు BIS Care యాప్ తెరిచి, Verify Licence Details లోకి వెళ్లి ఆ లైసెన్సు సంఖ్య కొట్టండి. తెర మీద వచ్చే కంపెనీ పేరు, కర్మాగారం చిరునామా, ఉత్పత్తి వివరాలు బస్తా మీద లేదా ట్యాగు మీద ఉన్న వాటితో సరిపోవాలి, లైసెన్సు అమలులో ఉండాలి. లైసెన్సు కర్మాగారానికి ఇస్తారు గాని బ్రాండు పేరుకు కాదు. అందువల్ల ఒకే బ్రాండు రెండు లోడుల్లో రెండు వేర్వేరు సంఖ్యలతో వస్తే కంగారు పడనవసరం లేదు, రెండో సంఖ్యను కూడా కొట్టి చూస్తే చాలు.

జాగ్రత్త: "ఐఎస్ 1786 ప్రకారం తయారైనది" అని రాసి, కింద లైసెన్సు సంఖ్య లేకపోతే అది ఐఎస్ఐ ముద్ర కాదు. ఐఎస్ఓ 9001 అన్నది సంస్థ నిర్వహణ పద్ధతికి ఇచ్చే పత్రం, అది సరుకు నాణ్యతకు హామీ కాదు. టీఎంటీ అన్న మాట కూడా కడ్డీని తయారు చేసే పద్ధతి పేరు మాత్రమే.

5. సిమెంటు బస్తా మీది వారం సంఖ్యను లెక్క కట్టండి

బస్తా మీద ప్యాకింగ్ జరిగిన వారం, సంవత్సరం ముద్రించి ఉంటాయి. కొన్ని కంపెనీలు నెల కూడా వేస్తాయి. ఉదాహరణకు వారం 14, 2025 అని ఉంటే అది ఏప్రిల్ మొదటి వారంలో నింపిన బస్తా. ఆ లోడు జూన్ 20న మీ సైటుకు వచ్చిందనుకుందాం. అప్పటికి పదకొండు వారాలు గడిచిపోయాయి. మీ స్లాబు జూలై రెండో వారంలో ఉంటే ఆ బస్తా విప్పేనాటికి మూడు నెలలు దాటిపోతుంది. మూడు నెలలు నిలిచిన సిమెంటు సుమారు ఐదోవంతు బలం కోల్పోవచ్చని ఇంజనీర్లు లెక్క వేస్తారు, తేమ తగిలితే అంతకంటే ఎక్కువే పోతుంది. మూడు నెలలు దాటిన సిమెంటును మళ్లీ పరీక్ష చేయించకుండా స్లాబుకు, పిల్లర్లకు వాడకూడదు. ఇటువంటి లోడును వెనక్కి పంపడమే సరైన పని.

అందరూ చేసే పొరపాటు పై వరుసలోని బస్తాలు మాత్రమే చూడటం. కొత్త బస్తాలు పైన పేర్చి, పాతవి అడుగున సర్దే అలవాటు కొన్ని చోట్ల ఉంది. కాబట్టి వంద బస్తాల లోడు దిగుతుంటే పక్కనే నిలబడి, పై వరుస, మధ్య వరుస, అడుగు వరుస నుంచి కనీసం పది బస్తాల వారం సంఖ్యలు నోటు పుస్తకంలో రాసుకోండి. రెండు మూడు వేర్వేరు వారాలు కనిపిస్తే వాటిని విడివిడిగా పేర్పించండి.

పరీక్షా పత్రం తీసుకున్నప్పుడు ముందుగా దాని మీది వారం సంఖ్య బస్తా మీది సంఖ్యతో కలవాలి. ఆ తర్వాత చూడవలసింది 3, 7, 28 రోజుల బలాల గడులు. ఓపీసీ 53 గ్రేడుకు ఇవి వరుసగా కనీసం 27, 37, 53 మెగాపాస్కల్స్ ఉండాలి, పీపీసీకి 16, 22, 33 ఉండాలి. పది రోజుల కిందట నింపిన బస్తాకు ఇచ్చిన పత్రంలో 28 రోజుల బలం కూడా నిండుగా కనిపిస్తే, అది ఈ బ్యాచ్ పత్రం కాదని అర్థం. పరీక్ష దిమ్మెకు 28 రోజులు ఇంకా నిండనే లేదు కదా! అసలైన పత్రంలో ఆ గడి ఖాళీగా ఉండి, ఫలితం తర్వాత పంపుతారు.

6. బస్తాను చేత్తో, కాటాతో పరీక్షించండి

బస్తా బయటి నుంచి గట్టిగా తగిలితే వెంటనే పాతదని తేల్చవద్దు. ఎత్తుగా పేర్చిన చోట అడుగు బస్తాల్లో సిమెంటు ఒత్తిడికి బిగుసుకుంటుంది. అటువంటి బస్తాను నేల మీద రెండు మూడు సార్లు దొర్లిస్తే అది మళ్లీ వదులవుతుంది. దొర్లించిన తర్వాత కూడా లోపల గడ్డలు ఉండి, వాటిని వేళ్ల మధ్య నలిపితే పొడి కాకపోతే, తేమ తగిలి సిమెంటు గట్టిపడటం మొదలైందని అర్థం. గడ్డలు జల్లించి మిగిలిన పొడి వాడుకోవచ్చని మేస్త్రీ చెప్పినా, ఆ పొడిని స్లాబుకు, పిల్లర్లకు వాడవద్దు.

తూకానికి పది బస్తాలు తూచి సగటు చూడండి. ఖాళీ సంచి బరువు తీసేసిన తర్వాత సగటు 50 కిలోలు రావాలి. ఒక బస్తా 49.6 వచ్చి మరొకటి 50.3 రావడం మామూలే, పదీ తగ్గితే అది మామూలు కాదు. మూతిని చేతి కుట్టుతో మళ్లీ కుట్టిన బస్తా ఒక్కటి కనిపించినా పక్కన పెట్టించండి.

సిమెంటును నీళ్లలో వేసి తేలుతుందా మునుగుతుందా అని చూడటం, రంగు చూసి తీర్పు చెప్పడం వంటి చిట్కాల వల్ల పెద్దగా తెలిసేది లేదు. రంగు ముడిసరుకును బట్టి, ఫ్లై యాష్‌ను బట్టి మారుతుంది. ఇంట్లో చేయదగిన పరీక్ష ఏదైనా ఉందంటే, గుప్పెడు సిమెంటును గట్టి ముద్దగా కలిపి గాజు పలక మీద బిళ్లగా వేసి, తడిగుడ్డ కప్పి, మర్నాడు చూడటం. బిళ్ల గోటికి గీరుకుపోకుండా గట్టిగా ఉండాలి. ఇది సిమెంటు పూర్తిగా పాడైపోలేదని మాత్రమే చెబుతుంది, ఎంత బలం ఉందో చెప్పలేదు.

7. స్టీలు: ముద్ర, ట్యాగు, తూకం

ప్రతి కట్టకూ ఒక ట్యాగు ఉంటుంది. దాని మీద కంపెనీ పేరు, ఐఎస్ఐ ముద్ర, గ్రేడు, సైజు, హీట్ నంబరు ఉంటాయి. కరిగించిన ఉక్కు ఒక్కో పోతకు ఒక్కో సంఖ్య ఇస్తారు, అదే హీట్ నంబరు. పరీక్షా పత్రంలోని హీట్ నంబరు మీ ట్యాగు మీద ఉన్నదే అయితేనే ఆ పత్రంలోని అంకెలు మీ కడ్డీలకు వర్తిస్తాయి. ట్యాగులు తెంపి పారేయకుండా దాచమని బార్ బెండరుకు ముందే చెప్పండి.

ట్యాగు మార్చడం సులువు, కడ్డీ మీది ముద్ర మార్చడం కష్టం. కాబట్టి కడ్డీని వైర్ బ్రష్‌తో రుద్ది, గుడ్డతో తుడిచి చూడండి. బ్రాండు పేరు లేదా గుర్తు, గ్రేడు కడ్డీ పొడవునా మళ్లీ మళ్లీ ఉబ్బెత్తుగా కనిపించాలి. అక్షరాలు లోహంలోనే లేచి ఉండాలి గాని రంగుతో వేసినవి కాకూడదు. మా ఇంటి పని జరిగేటప్పుడు పెద్ద సైజుల ముద్రలన్నీ నేను చక్కగా చూసుకున్నాను, 8 ఎం.ఎం. కట్టలను మాత్రం చూడలేదు. ప్లింత్ బీముకు రింగులు వంచుతుంటే, రెండు కట్టల్లోని కడ్డీల మీద ఏ ముద్రా లేదని బార్ బెండరే చూపించాడు. అప్పటికి సగం కట్ట కోసేశారు కాబట్టి డీలరు వెనక్కి తీసుకోనన్నాడు. అప్పటినుంచి నేను సన్నటి కడ్డీల దగ్గరే మొదలుపెడుతున్నాను.

ఇక తూకం. కడ్డీ వ్యాసాన్ని ఎం.ఎం. లలో తీసుకుని, దాన్ని అదే అంకెతో గుణించి, 162తో భాగిస్తే మీటరు కడ్డీ ఎన్ని కిలోలు ఉండాలో వస్తుంది. 12 ఎం.ఎం.కు 144ను 162తో భాగిస్తే 0.888 కిలో, అంటే 888 గ్రాములు. 8 ఎం.ఎం.కు 395 గ్రాములు, 10 ఎం.ఎం.కు 617 గ్రాములు, 16 ఎం.ఎం.కు 1,580 గ్రాములు. ఐఎస్ 1786 కొంత తేడాను అనుమతిస్తుంది. సగటున 10 ఎం.ఎం. వరకు 7 శాతం, అంతకు మించి 16 ఎం.ఎం. వరకు 5 శాతం, అంతకంటే లావు కడ్డీలకు 3 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. విడిగా తూచిన ఒక్క ముక్క అయితే మరో శాతం వరకు తగ్గవచ్చు.

మూడు వేర్వేరు కట్టల నుంచి ఒక్కో కడ్డీ తీసి, ఒక్కో మీటరు ముక్క కోయించండి. ముక్కలు వృథా కావు, స్లాబులో పై కడ్డీలను ఎత్తి పట్టే కుర్చీలుగా వంచి వాడుకోవచ్చు. కోసిన తర్వాత పొడవు మళ్లీ కొలవండి, ఎందుకంటే ఐదు ఎం.ఎం. తేడా వచ్చినా లెక్క అర శాతం తప్పుతుంది. తుప్పు బ్రష్‌తో పోగొట్టి తూచండి. 12 ఎం.ఎం. ముక్కలు మూడూ 842, 861, 838 గ్రాములు తూగాయనుకుందాం. సగటు 847, అంటే 888 కంటే 4.6 శాతం తక్కువ. సగటుకు కింది హద్దు 844 గ్రాములు, ఒక్క ముక్కకు 835 గ్రాములు. సరుకు నెగ్గింది, కానీ అంచు మీద నెగ్గింది.

ఇక్కడే బిల్లు లెక్క అడ్డం తిరుగుతుంది. రెండు టన్నులకు 12 మీటర్ల కడ్డీలు 188 అని లెక్క కట్టి కడ్డీల చొప్పున అమ్మితే, మీ చేతికి వచ్చేది సుమారు 1,911 కిలోలు. మీరు డబ్బు ఇచ్చేది 2,003 కిలోలకు. కాటా మీద లేని 92 కిలోలకు డబ్బు కట్టినట్లే. అదే సరుకు వేబ్రిడ్జి తూకం మీద కొంటే రెండు టన్నులకు 196కు పైగా కడ్డీలు రావాలి. దీనికి భిన్నంగా కడ్డీలు 4 శాతం బరువెక్కువ ఉండి తూకం మీద కొంటే 180 కడ్డీలే వస్తాయి, డ్రాయింగుకు కావలసిన పొడవు చాలదు. అందుకే తూకం మీద కొనండి, ఇంటికి వచ్చాక కడ్డీలు కూడా లెక్కపెట్టండి. తూకం వేయించడానికి డీలరు చెప్పిన వేబ్రిడ్జి కాకుండా మీరు ఎంచుకున్న చోటికి లారీని లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి తీసుకెళ్లండి.

కాలిపర్స్‌తో వ్యాసం కొలిచి తృప్తి పడేవారూ ఉన్నారు. కడ్డీ మీద రిబ్బులు ఉంటాయి కాబట్టి ఎక్కడ కొలిస్తే అక్కడో అంకె వస్తుంది. వ్యాసానికి తూకమే సాక్ష్యం.

8. వంపు దగ్గర చూడండి

బార్ బెండరు రింగులు వంచుతున్నప్పుడు మొదటి పది రింగుల మూలలను వెలుతురులో పట్టి చూడండి. వంపు బయటి వైపు, ముఖ్యంగా రిబ్బు మొదట్లో, అడ్డంగా సన్నటి పగులు కనిపించకూడదు. కనిపిస్తే ఆ కట్ట పని ఆపి, పగిలిన ముక్కను, అదే కడ్డీలో వంచని ముక్కను కలిపి పక్కన పెట్టండి. మరీ ఇరుకైన పిన్ను మీద వంచితే మంచి కడ్డీ కూడా పగలవచ్చు కాబట్టి పిన్ను సైజు కూడా రాసుకోండి. వంచడానికి కడ్డీని ఎప్పుడూ మంటలో వేడి చేయనివ్వకండి. టీఎంటీ కడ్డీకి బలాన్నిచ్చే గట్టి పై పొర వేడికి మెత్తబడిపోతుంది.

పైన పలుచగా గోధుమరంగు తుప్పు ఉంటే దోషం లేదు, గుడ్డతో రుద్దితే పోతుంది. పొరలుగా ఊడివచ్చే తుప్పు, నూనె, రంగు ఉన్న కడ్డీలను తీసుకోవద్దు.

9. అనుమానం ఉంటే ప్రయోగశాలకు పంపండి

ఒక్కో సైజు నుంచి మూడు మీటరు ముక్కలు, ఒక్కో సిమెంటు బ్యాచ్ నుంచి గాలి చొరని డబ్బాలో నమూనా తీసి, ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపండి. స్టీలుకు తూకం, బలం, సాగే గుణం, వంపు పరీక్షలు అడగండి. సిమెంటుకు గట్టిపడే సమయం, 3, 7 రోజుల బలం అడగండి. గట్టిపడటం 30 నిమిషాలకు ముందు మొదలు కాకూడదు, 600 నిమిషాల లోపు పూర్తి కావాలి. నమూనా మీద హీట్ నంబరు లేదా వారం సంఖ్య రాయడం మరచిపోతే వచ్చిన ఫలితం ఏ సరుకుదో తర్వాత తేల్చలేరు.

10. నిల్వ చేసి, రాసి పెట్టండి

బస్తాలను నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు ఎడంగా, పది వరుసలకు మించకుండా పేర్పించి, తార్పాలిన్ కప్పించండి. పాత వారం సంఖ్య ఉన్నవి ముందు వాడేలా వరుస పెట్టండి. ఒకే స్లాబులో రెండు బ్రాండుల సిమెంటు కలపవద్దు. గట్టిపడే వేగం వేరువేరుగా ఉంటే జాయింట్ల దగ్గర చిక్కు వస్తుంది.

నోటు పుస్తకంలో ప్రతి లోడుకు ఒక వరుస చాలు: తేదీ, బ్రాండు, లైసెన్సు సంఖ్య, వారం సంఖ్య లేదా హీట్ నంబరు, తూకం, ఏ పిల్లరుకో ఏ స్లాబుకో వాడారన్న మాట. ట్యాగులు, ఒక ఖాళీ బస్తా, పరీక్షా పత్రాలు ఆ పుస్తకంతో పాటే ఉంచండి. లైసెన్సు సంఖ్య యాప్‌లో కనిపించకపోయినా, ముద్ర నకిలీ అనిపించినా అదే యాప్‌లోంచి ఫిర్యాదు చేయవచ్చు. అప్పుడు వారు మొదట అడిగేవి సరుకు ఫోటో, బిల్లు. ఆ రెండూ మీ దగ్గర ఉండాలంటే లారీ కదలక ముందే ఫోటోలు తీసుకోండి.